చారు పొంగాక స్టవ్ కట్టెయ్

అమ్మాయీ,

పోయిన ఆదివారం నెల్లూరులో మీ ఇంట్లో భోంచేసినప్పుడు చారు సంగతి నేనేమీ ఎత్తలేదు. మీ ఆయన పక్కనే కూర్చుని తింటున్నాడు, కొత్త కాపురం, అప్పుడు అనడం బాగోదనిపించింది. నిన్న నువ్వే ఫోన్ చేసి, "అత్తా, నువ్విచ్చిన చారు పొడిలో వాసన పోయినట్టుంది, ఈసారి బజార్లో ప్యాకెట్ కొంటాను" అన్నావు కాబట్టి రాస్తున్నాను. పొడి మార్చొద్దు. కొట్టిన పొడిలో సగం నీకిచ్చి సగం నేనుంచుకున్నాను. ఇక్కడ ఒంగోల్లో రోజూ దాంతోనే చారు పెడుతున్నాను, వాసన బాగానే ఉంది.

ఆ రోజు నువ్వు చేసేది గుమ్మం దగ్గర నిలబడి చూశాను. చింతపండు రసం, టమాటా ముక్కలు, ఉప్పు, పసుపు, చారు పొడి అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పెద్ద మంట పెట్టావు. కాసేపటికే మెట్ల దాకా ఘుమఘుమలు. ఎదురింటావిడ తలుపు తీసి, "ఏం చేస్తున్నారండీ" అని కూడా అడిగింది. నువ్వేమో సంబరపడి ఇంకో పావుగంట తెర్లనిచ్చావు. అన్నంలో పోసుకునేసరికి పులుపుంది, కారముంది, వాసన మాత్రం లేదు. ఎక్కడుంటుంది? మెట్ల మీదకి పోయింది గిన్నెలోదే కదా.

ధనియాలు, జీలకర్ర, మిరియాలు, ఇంగువ, వీటి వాసనంతా వాటిలో ఉండే కొద్దిపాటి నూనెలది. గింజగా ఉన్నంత సేపూ ఆ నూనె లోపలే భద్రంగా ఉంటుంది. పొడి కొట్టామంటే తలుపులు తీసినట్టే. ఆ పొడిని తెర్లే నీళ్లలో వేస్తే, పైకి లేచే ఆవిరి ఆ నూనెను కూడా మోసుకుపోతుంది. గులాబీ రేకులు మరిగించి పన్నీరు తీసేది ఇలాగే. అక్కడ ఆవిరిని చల్లబరిచి పట్టుకుంటారు, మనం కిటికీలోంచి వదిలేస్తాం. నమ్మకపోతే చూడు: చారు సన్నగా కాగుతున్నప్పుడు పైన పళ్లెం మూత పెట్టి, రెండు నిమిషాలయ్యాక ఎత్తి, అడుగున పట్టిన నీటి బొట్టు వేలితో తీసి వాసన చూడు. జీలకర్ర వాసన కొడుతుంది. నాలుక మీద వేసుకుంటే ఉప్పూ ఉండదు, పులుపూ ఉండదు. అవి ఆవిరితో పైకి పోయేవి కావు. మిరియాల ఘాటు కూడా అంతే, గిన్నెలోనే ఉంటుంది. నీళ్లు ఇగిరే కొద్దీ ఇవి చిక్కబడతాయి, వాసన పలచబడుతుంది. మీ ఆయన "ఇవాళ కాస్త పుల్లగా ఉందే" అన్నది అందుకే. చింతపండు నువ్వేమీ ఎక్కువ వెయ్యలేదు.

మరి అంతసేపు ఎందుకు తెర్లనిచ్చావని నిన్ను తప్పుపట్టను. టమాటా ముక్క మెత్తబడలేదు, అందుకని ఆగావు. అసలు చిక్కు అక్కడే ఉంది. పులుపులో వేసిన ముక్క తొందరగా ఉడకదు, పులుసులో వంకాయ ముక్కకైనా ఇదే బాధ. టమాటాకి, చింతపండుకి పచ్చి వాసన పోవడానికి పది నిమిషాలైనా కావాలి. చారు పొడికి ఒక్క నిమిషం చాలు. ఈ రెంటినీ కలిపి పొయ్యి మీద పెడితే ఒకటి బాగుపడే లోపు రెండోది పాడవుతుంది.

కాబట్టి ఇలా చెయ్యి. మీ ఇద్దరికీ, రాత్రికి కాస్త మిగిలేటట్టు, బాగా పండిన టమాటాలు రెండు తీసుకో. వాటిని ముక్కలు కొయ్యకుండా చేత్తో పిసికి, గ్లాసు నీళ్లు, పసుపు, ఉప్పు వేసి ముందు అవొక్కటే ఉడికించు. మెత్తబడ్డాక చిన్న ఉసిరికాయంత చింతపండు పిసికిన రసం ఒక గ్లాసు పొయ్యి. ఇప్పుడు ఎంత తెర్లినా భయం లేదు, ఇంకా పొడి వెయ్యలేదు కదా. ఏడెనిమిది నిమిషాలకి పచ్చి వాసన పోతుంది, అది నీ ముక్కుకే తెలుస్తుంది. అప్పుడు మంట తగ్గించి, కందిపప్పు మీద తేట ఒక గ్లాసు పోసి, చారు పొడి రెండు చిన్న చెంచాలు వేసి కలుపు. ఇక స్టవ్ దగ్గర నుంచి కదలొద్దు, ఫోన్ వచ్చినా తియ్యొద్దు. కాసేపటికి గిన్నె అంచుల వెంట నురగ కడుతుంది. అది నడిమికి చేరి మొత్తం ఒక్కసారి పైకి లేస్తుంది. లేచిన వెంటనే కట్టెయ్. కొత్తిమీర తుంచి వేసి మూత పెట్టు.

తాలింపు ఆ తర్వాతే. చెంచా నెయ్యిలో ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు వేసి, చిటపటలాడగానే గిన్నెలో పోసి మళ్లీ మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలెయ్. ఈ వాసనలు నీళ్లలో కన్నా నెయ్యిలో బాగా కరుగుతాయి, కరిగాక అంత తేలిగ్గా ఎగిరిపోవు. మీ ఊరి చేపల పులుసు ఎంత మరిగినా, మర్నాడు తిన్నా బాగుండేది ఎందుకనుకున్నావు? అందులో అంత నూనె ఉంటుంది, చిక్కగానూ ఉంటుంది. చారు వట్టి నీళ్లు. పులుసు పద్ధతి దీనికి పనికిరాదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ లెక్క మారుతుంది. మీ అత్తగారు కందిపప్పు వేయించకుండా, పచ్చిదే కలిపి పొడి కొడతారని అన్నావు. ఆ పొడి వేసి పొంగగానే దించితే పప్పు పచ్చి వాసన నిలుస్తుంది, చారు అడుగున పిండిలా పేరుకుంటుంది. దానికి సన్న మంట మీద రెండు మూడు నిమిషాలు ఇవ్వక తప్పదు. అలాంటప్పుడు స్టవ్ కట్టేశాక అర చెంచా మిరియాలు, జీలకర్ర అప్పటికప్పుడు దంచి పైన చల్లితే పోయిన వాసన కొంత తిరిగొస్తుంది. ఆదివారం నాటి చారు లాంటిదాన్ని కూడా ఇలాగే కొంత దారికి తేవచ్చు. ముందు సగం గ్లాసు వేణ్ణీళ్లు పోసి పులుపు తగ్గించి, ఆ దంచిన పొడిని వేడి నెయ్యిలో ఒక్క తిప్పు తిప్పి పోసెయ్. ఇంకో రెండు చెంచాల చారు పొడి వేసి మళ్లీ తెర్లిద్దామని మాత్రం చూడకు. చేదెక్కుతుంది, నాకూ ఒకసారి అయింది, మీ నాన్న ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

రాత్రికి మొత్తం గిన్నె స్టవ్ మీద పెట్టొద్దు. కావలసినంత చిన్న గిన్నెలోకి తీసుకుని, ఆవిరి కనిపించేదాకా వేడి చేసుకుంటే చాలు.

ఇంకొకటి. నీ పొడి సీసా స్టవ్ పైన అలమరలో చూశాను. అక్కడ రోజూ వేడి తగులుతుంది. దాన్ని అక్కణ్ణుంచి తీసి, మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టు. తీసేటప్పుడు తడి చెంచా పెట్టకు. నెలాఖరుకి అయిపోతుందిలే, ఈసారి కాస్త తక్కువ కొట్టి పంపుతాను.

మీ అత్త,
ఒంగోలు