బీమా ఉన్నా చేతి నుంచి రూ.55 వేలు ఎందుకు పోయాయి?

ప్రశ్న: నాన్నగారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. ఆపరేషన్ తేదీ పది రోజుల ముందే ఖాయమైంది. రూ.5 లక్షల పాలసీ ఉంది కదా అని ధైర్యంగా వెళ్లాం. తీరా చేరే రోజు, తమది మా బీమా సంస్థతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రి కాదన్నారు. బిల్లు రూ.1,90,000 అయింది. క్రెడిట్ కార్డు మీద లక్ష, లోన్ యాప్‌లో రూ.90 వేలు తీసుకుని కట్టాం. నెలన్నర తర్వాత రూ.1,35,000 మాత్రమే వచ్చింది. మిగతాది ఎందుకు కోశారు? పాలసీ మార్చేయమంటారా? సెటిల్‌మెంట్ లెటర్ పంపుతున్నాను.

జవాబు: మీ లెటర్‌లో నాలుగు కోతలున్నాయి. గ్లౌజులు, రిజిస్ట్రేషన్ ఫీజు, అటెండెంట్ భోజనం వంటి వాటికి రూ.8,000 పోయింది. ఇది ఏ ఆసుపత్రిలో చేరినా దాదాపు తప్పేది కాదు. మిగతా మూడూ నెట్‌వర్క్ జాబితా బయట చేరినందుకు వచ్చినవే.

పెద్ద కోత సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల మీద పడింది. ఆసుపత్రి రూ.1,05,000 వేస్తే బీమా సంస్థ రూ.80,000 ఒప్పుకొంది. నెట్‌వర్క్ ఆసుపత్రి అయితే ఏ ఆపరేషన్‌కు ఎంత అన్నది ముందే ఒప్పందంలో రాసుకుంటారు. ఆసుపత్రి ఆ రేటుకే బిల్లు వేయాలి, తేడా మీ దగ్గర వసూలు చేయకూడదు. బయట ఆసుపత్రికి అలాంటి కట్టుబాటేమీ లేదు, తన రేటు తనది. బీమా సంస్థ మాత్రం ఆ ప్రాంతంలో ఇదే చికిత్సకు మామూలుగా ఎంత తీసుకుంటారో చూసి అంతవరకే ఇస్తుంది. ఈ రెండింటి మధ్య తేడా రూ.25,000 మీ నెత్తిన పడింది.

మూడోది రూ.7,000. మందుల బిల్లులున్నాయి, వాటికి డాక్టర్ చీటీలు లేవు. బీమా సంస్థే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్‌లో ఈ కాగితాలన్నీ ఆసుపత్రి బీమా డెస్కే పంపుతుంది. ముందు మీరు కట్టి తర్వాత రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్‌లో ఆ గుమాస్తా పని మీదే. ఇంకా మిగిలిన రూ.1,50,000 మీద 10 శాతం, అంటే రూ.15,000, నెట్‌వర్క్ బయట చేరితే మీరు భరించాల్సిన కో-పే. ఈ షరతు అన్ని పాలసీల్లో ఉండదు. మీ దాంట్లో ఉంది.

ఇందులో కొంత ఇంకా రాబట్టుకోవచ్చు. ఆసుపత్రి నుంచి చీటీల నకళ్లు తీసుకుని మళ్లీ పంపండి. కో-పే పోగా రూ.6,300 రావాలి. రూ.25,000 కోతకు ఏ లెక్క ఆధారమో రాతపూర్వకంగా అడగండి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, ఫీజు ఉండదు.

పది రోజుల వ్యవధి ఉండీ, బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే టీపీఏకు ఒక్క ఫోన్ చేయకపోవడం నాకు మింగుడుపడటం లేదు. ఒకే సర్జన్ రెండు మూడు ఆసుపత్రుల్లో ఆపరేషన్లు చేయడం మామూలే. 'మా నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రి దేంట్లోనైనా మీరు చేస్తారా?' అని అడిగి ఉంటే సరిపోయేదేమో. 2024 జనవరి నుంచి జాబితాలో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ అడిగే వీలుంది. ముందుగా అనుకున్న చికిత్సకైతే కనీసం 48 గంటల ముందు బీమా సంస్థకు తెలపాలి, ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. ఒప్పుకొన్నా కో-పే షరతు ఉంటే ఉన్నట్టే.

ఇక అప్పు సంగతి. బీమా సంస్థ వడ్డీ కట్టదు. కార్డు మీద నెలకు 3.5 శాతం పడితే లక్షకు రూ.3,500. నెలన్నర ఆగారంటే ఐదు వేల పైమాటే, అది మీ రూ.55 వేలలో లేనే లేదు. లోన్ యాప్ వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే ఇంకెంతో! ఆసుపత్రి కౌంటర్ దగ్గర నిలబడి యాప్‌లో అప్పు తీసుకోవడం కంటే ఖరీదైన పని ఇంకొకటి లేదు. వచ్చిన డబ్బుతో ముందు ఏది ఎక్కువ వడ్డీదో అది పూర్తిగా తీర్చేయండి. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకోవద్దు.

రూ.5 లక్షల పాలసీ ఉన్న ఇంట్లో అత్యవసర నిధి ఒక్క రూపాయి లేదంటే ఆ పాలసీ సగమే పనిచేస్తుంది. జాబితా బయట చేరితే బిల్లు మొత్తం ముందు మీ చేతి మీదుగానే వెళ్లాలి కదా. అప్పులు తీరగానే నెలకు ఎంత వీలైతే అంత వేరే ఖాతాలో వేసి, రూ.2 లక్షలు పోగయ్యేదాకా మరే పెట్టుబడీ మొదలుపెట్టకండి. దాన్ని ఫండ్లలోనో బంగారంలోనో పెట్టొద్దు. రాత్రి రెండింటికైనా తీయగలిగేలా సేవింగ్స్ ఖాతాకు ముడిపడిన స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో ఉంచండి.

పాలసీ కోపంతో మార్చకండి. కో-పే లేనిది కావాలనుకుంటే రెన్యువల్‌కు 45 రోజుల ముందే, పాలసీని వేరే సంస్థకు మార్చుకునే పోర్టింగ్‌కు దరఖాస్తు చేయండి. నాన్నగారి వయసు, ఆరోగ్యం చూసి కొత్త సంస్థ కాదనొచ్చు కాబట్టి, అక్కడ ఖాయమయ్యే వరకు పాతది వదలొద్దు.

ఇంకో జాబితా కూడా ఉంటుంది. అందులో ఉన్నవి బీమా సంస్థ పూర్తిగా పక్కన పెట్టిన ఆసుపత్రులు. వాటిలో చేరితే రీయింబర్స్‌మెంట్ కూడా రాదు. ప్రాణాపాయమో, ప్రమాదమో అయితే పరిస్థితి నిలకడగా అయ్యే వరకే ఇస్తారు. ఆ పేర్లు సంస్థ వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ ఇంటికి దగ్గరున్న ఆసుపత్రులు అందులో ఉన్నాయేమో ఈ వారమే చూసుకోండి.