కువైట్ ఫోన్‌లో ఒక తేదీ, ఇక్కడి ఫోన్‌లో ఇంకో తేదీ: చాట్ స్క్రీన్‌షాట్లను కోర్టు కోసం ఎలా టైప్ చేయాలి?

ప్రశ్న: లాయర్ గారూ, కువైట్‌లో ఉన్న మా అన్న ఇక్కడి మామిడి వ్యాపారికి 3 లక్షలు చేబదులు పంపాడు. నోటు రాయించుకోలేదు. మా ముగ్గురి వాట్సాప్ గ్రూపులో మాటలే ఆధారం. నా పాత ఫోన్ పాడైపోయింది. అందులోంచి ముందే తీసుకున్న స్క్రీన్‌షాట్లు కొన్ని, అన్న తన ఫోన్‌లోంచి పంపినవి కొన్ని ఉన్నాయి. దావా వేయడానికి మా వకీలు చాట్ అంతా టైప్ చేయించి తెమ్మన్నారు. ఫోన్‌తో అక్షరాలు కాపీ చేస్తే పేర్లు, టైములు కలగాపులగం అయ్యాయి. పైగా ఒకే మెసేజ్ ఒకదాంట్లో 14వ తేదీ, ఇంకోదాంట్లో 15వ తేదీ చూపిస్తోంది. ఎదుటివాళ్లు ఇది దొంగ చాట్ అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: రెండు తేదీలూ నిజమే. వాట్సాప్ ప్రతి మెసేజ్‌కూ ఆ ఫోన్ ఉన్న దేశం టైమునే చూపిస్తుంది. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ 14వ తేదీ రాత్రి 9:38కి కనిపించే మెసేజ్ మీ ఫోన్‌లో 15వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:08కి కనిపిస్తుంది. ప్రమాదం తేదీ తేడాలో లేదు. రెండు ఫోన్ల స్క్రీన్‌షాట్లను ఒకే వరసలో కలిపి టైప్ చేయడంలో ఉంది. అలా కలిపితే ఒకే మెసేజ్ రెండుసార్లు పడుతుంది, జవాబు ప్రశ్న కంటే ముందు వచ్చేస్తుంది. ఎదుటి వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

అందుకని ఒక్క ఫోన్‌నే ఆధారం చేసుకోండి. మీ విషయంలో అది అన్న ఫోన్. కోర్టు అడిగితే తెరిచి చూపించడానికి అసలు చాట్ ఉన్నది అందులోనే. మీ పాత స్క్రీన్‌షాట్లను విడిగా, వేరే కాగితంగా ఉంచండి.

టైప్ చేసేటప్పుడు ముందు చూడాల్సింది ఎవరు మాట్లాడారన్నది. గ్రూపులో అవతలివాళ్ల మెసేజ్ మీద పేరుంటుంది, ఫోన్ సొంతదారు మెసేజ్ మీద ఉండదు, కుడి పక్కన వస్తుందంతే. అన్న స్క్రీన్‌షాట్‌లో కుడి పక్కవి అన్న మాటలు. మీ స్క్రీన్‌షాట్‌లో కుడి పక్కవి మీ మాటలు. అక్షరాలు కాపీ చేసే సదుపాయం కుడి ఎడమలు వదిలేసి పై నుంచి కిందికి చదువుకుంటూ పోతుంది కాబట్టి, అన్న చెప్పిన మాట పై మెసేజ్ మీదున్న పేరుకి అంటుకుపోతుంది. మెసేజ్ చివర ఉండే టైము కూడా మాటల్లో కలిసిపోతుంది. డబ్బు అంకె పక్కన టైము అంకె చేరితే ఎంత ఇబ్బందో మీకు చెప్పక్కర్లేదు. కాపీ చేసినా సరే, ప్రతి వరసనూ స్క్రీన్‌షాట్ పక్కన పెట్టుకుని సరిచూడాల్సిందే.

పేర్లు ఫోన్‌లో ఎలా సేవ్ అయి ఉంటే అలాగే రాయండి. అన్న ఫోన్‌లో ఆ వ్యాపారి ‘దామల్‌చెరువు’ అనీ, మీరు ‘తమ్ముడు’ అనీ ఉంటే వాటిని మార్చి అసలు పేర్లు పెట్టొద్దు. మొదటి పేజీలో మాత్రం ‘దామల్‌చెరువు’ అంటే ఫలానా వ్యక్తి, ఫలానా నంబరు అని రాసి, ఆ పేరు మీద నొక్కితే నంబరు కనిపించే పేజీ స్క్రీన్‌షాట్ జతచేయండి. ఏ నంబరుకైనా ఎవరి పేరైనా పెట్టి సేవ్ చేసుకోవచ్చు కదా. కోర్టులో తేల్చాల్సింది నంబరు ఎవరిదన్నదే.

ఉదాహరణకు నాలుగు మెసేజ్‌లు ఇలా వస్తాయి:

స్క్రీన్‌షాట్ 3, తెర మీద తేదీ 14-03-2025

1) రాత్రి 9:38 (మన టైము 15-03, 12:08) దామల్‌చెరువు: అన్నా మూడు లక్షలు ముట్టింది
2) రాత్రి 9:41 (15-03, 12:11) కుడి పక్క, ఫోన్ సొంతదారు: సీజన్ అయిపోయేలోపు మొత్తం ఇచ్చేయాలి
3) రాత్రి 9:43 (15-03, 12:13) తమ్ముడు: ఫ్యాక్టరీ వాళ్లు రేటు తగ్గిస్తారంట
4) రాత్రి 9:44 (15-03, 12:14) దామల్‌చెరువు [2వ మెసేజ్‌కు జవాబుగా]: సరే అన్నా

తెర మీదున్న టైమును చెరపలేదు, మన టైము పక్కన బ్రాకెట్లో పెట్టాం. నాలుగో వరస ఇంకా ముఖ్యం. ‘సరే అన్నా’ అన్నది వాయిదాకి ఒప్పుకోవడం. పై మెసేజ్‌ను పట్టుకుని జవాబిస్తే దాని ముక్క కొత్త మెసేజ్ లోపల చిన్నగా కనిపిస్తుంది. దాన్ని వదిలేస్తే ఆ ‘సరే’ ఫ్యాక్టరీ రేటు గురించి అన్నట్టు అయిపోతుంది, మీ కేసులో బలమైన మాట పోతుంది. అలాగని ఆ ముక్కను ఇంకో కొత్త మెసేజ్‌గా టైప్ చేస్తే అన్న వాయిదా మాట రెండుసార్లు అన్నట్టు పడుతుంది. అందుకే బ్రాకెట్లో నంబరు వేసి చూపించాలి.

వరస ఎప్పుడూ తెర మీద పై నుంచి కిందికే. ఎక్సెల్‌లో వేసి టైము ప్రకారం సర్దొద్దు. ఒకే నిమిషంలో వచ్చిన రెండు మెసేజ్‌లలో ఏది ముందో టైము చెప్పదు, తెర చెబుతుంది. ఒక స్క్రీన్‌షాట్ చివర వచ్చిన మెసేజ్ తర్వాతి దాని మొదట్లో మళ్లీ కనిపిస్తే ఒక్కసారే రాయండి. స్క్రీన్‌షాట్లు తీసేటప్పుడు మాత్రం అలా ఒక మెసేజ్ రెండింట్లోనూ ఉండేలా తీయాలి, మధ్యలో ఏదీ జారిపోలేదని అప్పుడే తెలుస్తుంది. పొడవాటి మెసేజ్ కింద Read more అని ఉంటే అది సగమే. అన్నతో దాన్ని తెరిపించి మళ్లీ తీయించండి. చెరిపేసిన మెసేజ్ స్థానంలో కనిపించే వాక్యాన్ని, మార్చిన మెసేజ్ మీదుండే Edited మాటను కూడా ఉన్నచోటే రాయండి. మీకు అనుకూలం కాని మెసేజ్‌లనూ తీసేయొద్దు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసి ఉంటే దాన్ని అలాగే దించి, తెలుగు లిపిలో పక్కన ఇవ్వండి. అక్షర దోషాలు సరిదిద్దడం మన పని కాదు.

అన్న తన ఫోన్‌లో ఆ గ్రూపు తెరిచి Export chat నొక్కి, చాట్‌ను మీకు మెయిల్ చేస్తే తేదీ, టైము, పేరు వరసగా ఉన్న టెక్స్ట్ ఫైల్ వస్తుంది. చాలా శ్రమ తగ్గుతుంది. కానీ ఏ మెసేజ్‌కు ఏది జవాబో అందులో ఉండదు. టైములు కూడా కువైట్‌వే వస్తాయి. కాబట్టి ఆ ఫైల్‌ను స్క్రీన్‌షాట్లతో సరిచూసుకోవడానికి వాడండి, వచ్చిన మెయిల్‌ను చెరపకుండా ఉంచండి.

మీరు టైప్ చేసిన కాపీ కోర్టు చదువుకోవడానికి మాత్రమే. సాక్ష్యంగా నిలవాల్సింది ఎలక్ట్రానిక్ రికార్డు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం దానికి సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్య చట్టంలో 65బి అని వినే ఉంటారు, దాని స్థానంలో వచ్చిందే ఇది. ఇప్పుడు సర్టిఫికెట్‌లో రెండు భాగాలున్నాయి. ‘ఎ’ భాగం ఫోన్ ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు పూరించి సంతకం పెట్టాలి. అంటే మీరు కాదు, అన్న. ‘బి’ భాగం నిపుణుడు పూరిస్తారు. ఫైల్ మారలేదని చూపించే హాష్ విలువ కూడా అందులో రాయాలి. స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది కుదించుకుపోయి ఫైల్ మారిపోతుంది, హాష్ విలువ అసలు దానితో కలవదు. అందుకని డాక్యుమెంట్‌గా గానీ మెయిల్‌లో గానీ పంపమనండి.

మీ పాత ఫోన్ స్క్రీన్‌షాట్లకు అసలు చాట్ ఇప్పుడు లేదు కాబట్టి వాటి మీద కేసు నిలబెట్టొద్దు. అన్న ఫోన్ మార్చేలా ఉంటే పాతది అమ్మేయకుండా, ఫార్మాట్ చేయకుండా దాచమని ఈరోజే చెప్పండి. అప్పు డబ్బుకు దావా గడువు మామూలుగా మూడేళ్లు, ఆ లోపలే దాఖలు చేయాలి. అన్న సెలవు మీద ఎప్పుడొస్తాడో కనుక్కుని ఆ తేదీ మీ వకీలుకు చెప్పండి. సర్టిఫికెట్ సంతకం, సాక్ష్యం రెండూ ఆయన రాకను బట్టి ప్లాన్ చేసుకోవాలి.