టెక్ సందేహాలు: పాస్‌వర్డ్ రాశారు సరే, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుంది?

ప్రశ్న: ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేస్తున్నా, ఇంకో మూడు వారాల్లో మానేస్తున్నా. 40 పేజీల హ్యాండోవర్ నోట్ రాశా, పాస్‌వర్డ్‌లన్నీ దాంట్లోనే చివర్లో టేబుల్‌గా పెట్టేశా. నా తర్వాత వచ్చే ఆవిడ ఎవరికీ ఫోన్ చేయకుండా నడుపుకోగలగాలి. ఇంకేమైనా మిగిలిపోయిందా సార్?

జవాబు: ముందు ఆ టేబుల్ సంగతి తేల్చండి, మిగతావి తర్వాత. డిలీట్ కొట్టేస్తే అయిపోతుందనుకోకండి, ఆన్‌లైన్ డాక్యుమెంట్లకి వెర్షన్ హిస్టరీ ఉంటుంది, ఎడిట్ యాక్సెస్ ఉన్నవాళ్లు నిన్నటి వెర్షన్ తెరిచి అన్నీ తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ టేబుల్లోకి ఒక్కసారి ఎక్కిన ప్రతి పాస్‌వర్డూ మార్చాల్సిందే. కొత్తవి టీమ్ వాడే పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టండి, నోట్‌లో "ఈ అకౌంట్ ఫలానా పేరుతో అక్కడుంది" అని రాస్తే చాలు.

ఇక అసలు విషయం. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తూనే ఉన్నాయి, అందరూ పాస్‌వర్డ్‌లు జాగ్రత్తగా రాస్తారు, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తుందో ఒక్కరూ రాయరు. నాకు బాగా తెలిసిన ఒక టీమ్‌లో మేనేజర్ శుక్రవారం మానేశారు, సాయంత్రానికల్లా ఆయన అకౌంట్ మూసేశారు. సోమవారం పొద్దున క్లయింట్‌కి వెళ్లాల్సిన స్టేటస్ మెయిల్ వెళ్లలేదు, ఎందుకంటే దాన్ని పంపే ఆటోమేషన్ ఆయన లాగిన్ మీద నడుస్తోంది. బుధవారం బిల్డ్ ఆగింది, అది కోడ్ తెచ్చుకునేది ఆయన పర్సనల్ టోకెన్‌తో. ఈ రెండూ గంటల్లో సర్దుకున్నాయి. ఆ తర్వాత ఒక అర్జెంట్ ఫిక్స్ యాప్ స్టోర్‌లో పెట్టాల్సొచ్చింది, పాస్‌వర్డ్ నోట్‌లో ఉంది, కరెక్టే, కానీ ఓటీపీ మాత్రం ఆయన తిరిగిచ్చేసిన ఆఫీస్ సిమ్‌కి వెళ్తోంది, ఆ నంబర్ అప్పటికే పనిచేయట్లేదు. కాగితాలన్నీ పంపి ఆ అకౌంట్ తిరిగి చేతికొచ్చేసరికి పదకొండు రోజులు పట్టింది, అన్నాళ్లూ యూజర్లు ఆ తప్పుతోనే గడిపారు.

కాబట్టి మీ నోట్‌లో మొదట ఉండాల్సింది ప్రాజెక్ట్ చరిత్ర కాదు, మీ అకౌంట్ మూసిన రోజు ఏమేం ఆగిపోతాయి అన్న లిస్ట్. అది గుర్తు తెచ్చుకుని రాస్తే సగం కూడా రాదు. మీ ఆఫీస్ మెయిల్ తెరిచి `verify`, `renewal`, `expires`, `invoice`, `scheduled` అని ఒక్కోటీ వెతకండి, కనీసం పదమూడు నెలలు వెనక్కి వెళ్లండి, ఏడాదికోసారి వచ్చే రెన్యువల్ మెయిల్ అప్పుడే దొరుకుతుంది. ఒక్కో పంపినవాళ్ల పేరు వెనకా ఒక అకౌంట్ ఉంటుంది. తర్వాత ఫోన్‌లో ఓటీపీ మెసేజ్‌లు, ఆథెంటికేటర్ యాప్‌లో ఉన్న పేర్లు, బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న లాగిన్‌లు కూడా చూడండి. ఒక్కోదానికి నాలుగు ముక్కలు రాయండి చాలు: ఓనర్ ఎవరు, ఓటీపీ ఎక్కడికి వస్తుంది, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది, బిల్లు ఎవరి కార్డ్ మీద పడుతుంది.

మార్చేటప్పుడు వరుస తప్పకండి. ముందు ఆవిడని రెండో అడ్మిన్‌గా చేర్చాలి, ఆవిడ తన లాప్‌టాప్ నుంచి తన ఫోన్‌తో లాగిన్ అయి చూడాలి, ఏదైనా చిన్న సెట్టింగ్ మార్చి సేవ్ అవుతోందో లేదో కూడా చూడాలి, ఆ తర్వాతే మీ పేరు తీయాలి. తిరగేసి చేసి ఇద్దరూ బయటే ఉండిపోయిన వాళ్లు ఉన్నారు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఆథెంటికేటర్ యాప్. ముప్ఫై సెకన్లకోసారి మారే ఆ ఆరంకెల నంబర్ ఎక్కడినుంచో రాదు, క్యూఆర్ స్కాన్ చేసిన రోజు మీ ఫోన్‌లోకి ఒక రహస్య కీ దిగింది, దాన్నీ టైమ్‌నీ కలిపి ఫోనే ఆ నంబర్ లెక్కేస్తుంది, అందుకే నెట్ లేకపోయినా వస్తుంది. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన మామూలుగా ఆ కీ మారదు. పైగా చాలా యాప్‌లు ఆ కీలని మీ సొంత క్లౌడ్ అకౌంట్‌లోకి బ్యాకప్ చేసేస్తాయి, మీకు గుర్తు కూడా ఉండదు. అంటే మీరు ఫోన్ తిరిగిచ్చేసినా కంపెనీ అకౌంట్ల కీలు మీ సొంత బ్యాకప్‌లో ఉండిపోతాయి, రేపు మీ క్లౌడ్‌లోకి ఎవడైనా దూరితే అవి వాడి చేతికి పోతాయి. యాప్‌లోంచి ఆ ఎంట్రీ తీసేస్తే మీ ఫోన్‌లోంచి పోతుంది అంతే, సర్వీస్ వైపు కీ బతికే ఉంటుంది. షేర్డ్ అకౌంట్లయితే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆపేసి ఆవిడ ఫోన్‌తో కొత్తగా పెట్టాలి, రికవరీ కోడ్‌లు కూడా కొత్తవి తీయాలి, లాగిన్ అయి ఉన్న పాత డివైజ్‌లన్నీ లాగౌట్ చేయించాలి.

ఇంత తంటా ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లకి ఉద్యోగం మారే మనిషి అసలు కనపడడు. సైనప్ పెద్ద బటన్, ఓనర్‌ని మార్చే ఆప్షన్ మాత్రం ఐదు మెనూల లోపల ఎక్కడో ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండనే ఉండదు, ఒకే ఓనర్, ఒకే ఫోన్ నంబర్. కంపెనీలకి అమ్మే ప్రాడక్ట్‌కి రెండో ఓనర్‌ని పెట్టుకునే వీలు లేదంటే అది కొనకూడని ప్రాడక్ట్ అనే నేనంటాను.

అకౌంట్లు అయ్యాక మీరు నోటిమాటగా ఒప్పుకున్నవి రాయండి, ఇవి ఏ టూల్‌లోనూ దొరకవు. "రిపోర్ట్స్ స్క్రీన్ రెండో ఫేజ్‌కి వెళ్లింది" అని రాస్తే ఆవిడ వెంటనే ఫోన్ చేస్తుంది. "రిపోర్ట్స్ స్క్రీన్ రెండో ఫేజ్‌కి మార్చడానికి క్లయింట్ మేనేజర్ 12వ తారీఖు కాల్‌లో ఒప్పుకున్నారు, మినిట్స్ లింక్ ఇదీ, చేంజ్ రిక్వెస్ట్ మీద సంతకం ఇంకా కాలేదు, 30లోపు కాకపోతే ఈ నెల ఇన్‌వాయిస్ వాళ్లు ఆపేస్తారు, ముందు వాళ్ల ఫైనాన్స్‌కి మెయిల్ పెట్టాలి" అని రాస్తే ఆవిడకి ఎవరితోనూ పనిలేదు. తేదీ, ఎవరు ఒప్పుకున్నారు, ఎక్కడ రాసుంది, ఇంకా ఏం తేలలేదు, తేలకపోతే ఏమవుతుంది, ఇవన్నీ దాంట్లో ఉన్నాయి చూడండి. ఇలాంటివి పది ఉంటాయేమో, మీ 40 పేజీల్లో అసలు చదివేది ఇవే.

చివరి వారంలో మూడు రోజులు మీ అకౌంట్‌ని ఐటీ వాళ్లతో తాత్కాలికంగా సస్పెండ్ చేయించండి, డిలీట్ కాదు. మీరు పక్కనే ఉండండి కానీ నోరు విప్పకండి, ఆవిడ ఏదైనా అడిగితే జవాబు నోటితో చెప్పకుండా నోట్‌లో రాయించి అక్కడ చదవమనండి. ఆ మూడు రోజుల్లో సోమవారం ఒకటి పడేలా చూసుకోండి, వారానికోసారి నడిచే జాబ్‌లు ఎక్కువగా ఆ రోజే పెడతారు. నెలాఖరువి మాత్రం ఈ పరీక్షలో బయటపడవు, వాటిని షెడ్యూల్ చూసి చేత్తో లెక్కేయాల్సిందే.

ఇంకొకటి, ఆ హ్యాండోవర్ నోట్ ఫైల్‌కి ఓనర్ ఎవరో ఇప్పుడే చూడండి. మీ సొంత డ్రైవ్‌లో ఉంటే మీ అకౌంట్‌తో పాటు అదీ పోవచ్చు. టీమ్ డ్రైవ్‌లోకి మార్చేసి, సస్పెండ్ చేసిన మొదటి రోజు ఆవిడ లాగిన్ నుంచి తెరిపించి చూడండి.