రీహ్యాష్ అంటే స్లాట్లను కాపీ చేయడం కాదు

ప్రశ్న: టేబుల్ సైజు 7, `h(k) = k mod 7`, లీనియర్ ప్రోబింగ్. 22, 37, 15, 50, 29 వరుసగా చేర్చి, లోడ్ ఫ్యాక్టర్ 0.7 దాటితే రీహ్యాష్ చేయమన్నారు. 17 స్లాట్ల టేబుల్ తీసుకుని పాతవి అవే స్థానాల్లో రాశాను. మార్కులు పోయాయి. తప్పెక్కడ? రెట్టింపు అంటే 14 కదా, 17 ఎందుకు?
— బీటెక్ రెండో సంవత్సరం విద్యార్థిని, కాకినాడ

జవాబు: ముందు లెక్క పూర్తి చేద్దాం. 22ని 7తో భాగిస్తే శేషం 1, కాబట్టి అది 1వ స్లాట్‌లోకి వెళ్తుంది. 37 శేషం 2. 15 శేషం మళ్లీ 1. అక్కడ 22 ఉంది, పక్కన 37 ఉంది, అందుకే 3లో ఆగుతుంది. 50, 29ల శేషాలూ 1 కావడంతో అవి 4, 5 స్లాట్లకు జరుగుతాయి.

```
index:  0   1   2   3   4   5   6
key:    -  22  37  15  50  29   -
```

నాలుగు కీలు చేరాక లోడ్ ఫ్యాక్టర్ 4/7, అంటే 0.57. ఐదోది చేరగానే 5/7 = 0.714. హద్దు దాటింది కాబట్టి ఇక్కడే రీహ్యాష్ చేయాలి. హద్దును కీ చేర్చాక చూడాలా, చేర్చకముందే చూడాలా అన్నది ప్రశ్నలోనే ఉంటుంది. ఆ వాక్యం జాగ్రత్తగా చదవండి.

టేబుల్ సైజు మారితే హ్యాష్ ఫంక్షన్ కూడా మారుతుంది. ఇప్పుడది `k mod 17`. పాత టేబుల్‌ను 0 నుంచి చదువుతూ ప్రతి కీకి శేషం మళ్లీ కట్టాలి: 22 → 5, 37 → 3, 15 → 15, 50 → 16, 29 → 12. ఒక్క కొలిజన్ కూడా లేదు. లోడ్ ఫ్యాక్టర్ 5/17, దాదాపు 0.29.

మీలా 15ను పాత 3వ స్లాట్‌లోనే ఉంచితే ఏమవుతుంది? దాన్ని వెతికేటప్పుడు ప్రోగ్రామ్ నేరుగా 15వ స్లాట్ చూస్తుంది. అది ఖాళీ, కాబట్టి 'లేదు' అని చెబుతుంది. కీ టేబుల్‌లోనే ఉన్నా దొరకదు. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు కాబట్టి ల్యాబ్‌లో ఈ తప్పును పట్టుకోవడం కష్టం. రీహ్యాష్ రాశాక పాత కీలన్నిటినీ ఒకసారి వెతికించి చూడండి.

హద్దు ఎందుకంటే, లీనియర్ ప్రోబింగ్‌లో టేబుల్ నిండేకొద్దీ వెతుకులాట ఒక్కసారిగా భారమవుతుంది. లేని కీని వెతకడానికి సగటున ఎన్ని ప్రోబ్‌లు పడతాయో అంచనా కట్టే సూత్రం ఇది, ఇందులో `a` లోడ్ ఫ్యాక్టర్:

```
(1 + 1/(1-a)^2) / 2
```

సగం నిండినప్పుడు 2.5 వస్తుంది. 0.7 దగ్గర సుమారు 6. అదే 0.9 దగ్గర 50.5! ఈ సూత్రం చైనింగ్‌కు వర్తించదు. అక్కడ లోడ్ ఫ్యాక్టర్ అంటే ఒక్కో గొలుసు సగటు పొడవు, అది 1 దాటినా టేబుల్ పనిచేస్తుంది.

ఇక 14 సంగతి. 7 స్లాట్లలో గుద్దుకున్న 22, 15, 50, 29 అన్నిటికీ శేషం 1. అలాంటి సంఖ్యను 14తో భాగిస్తే శేషం 1 గానీ 8 గానీ అవుతుంది, మూడోదానికి వీల్లేదు. పాత గుంపు రెండు ముక్కలవుతుందంతే. 17కూ 7కూ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి గుంపు విడిపోయింది. అందుకే రెట్టింపు చేసి, ఆ తర్వాత వచ్చే ప్రధాన సంఖ్యను తీసుకుంటారు. కీలన్నీ 17 గుణిజాలైతే మాత్రం ఇదీ కాపాడదు, అన్నీ 0లోనే పడతాయి.

జావా `HashMap` రెట్టింపుతోనే నడుస్తుంది. డిఫాల్ట్‌గా 16 స్లాట్లు, లోడ్ ఫ్యాక్టర్ 0.75, కాబట్టి 13వ ఎంట్రీ చేరినప్పుడు 32 అవుతుంది. 16 స్లాట్లున్నప్పుడు హ్యాష్‌లోని చివరి 4 బిట్లే స్థానాన్ని నిర్ణయిస్తాయి. పై బిట్ల తేడా వృథా కాకుండా వాటిని ముందే కిందికి కలుపుతారు:

```java
(h = key.hashCode()) ^ (h >>> 16)
```

మంచి హ్యాష్ ఫంక్షన్‌లో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే: కీలోని ప్రతి భాగమూ ఫలితాన్ని మార్చాలి. అక్షరాల ఆస్కీ విలువలను కూడితే `abc`, `cab` ఒకటైపోతాయి. పైగా పదేసి చిన్న ఇంగ్లిష్ అక్షరాలున్న పదాల్లో ఒక్కోదాని మొత్తం 970 నుంచి 1220 లోపే ఉంటుంది. 10,007 స్లాట్లు ఇచ్చినా వాడేది 251. అక్షరం చదివిన ప్రతిసారీ అప్పటిదాకా వచ్చిన మొత్తాన్ని 31తో గుణించి కొత్త అక్షరాన్ని కలిపితే స్థానం కూడా లెక్కలోకి వస్తుంది. జావా స్ట్రింగులకు చేసేది ఇదే. అయినా `Aa`కూ `BB`కూ 2112 వస్తుంది, కాబట్టి కొలిజన్‌ను చూసుకునే కోడ్ ఎప్పుడూ ఉండాల్సిందే.