చార్మినార్ ఫొటోలో జనాన్ని తీసేయడం ఎలా?

ప్రశ్న: చార్మినార్ ముందు ట్రైపాడ్ పెట్టి వరసగా ఫొటోలు తీశాను. ఒకదాని మీద ఒకటి పేర్చి ఒపాసిటీ తగ్గించి కలిపితే జనం పోలేదు, దెయ్యాల్లా మసగ్గా మిగిలారు. ఫొటోషాప్ లేదు. ఉచితంగా దారి ఉందా?

జవాబు: ఉంది. ఒపాసిటీ తగ్గించి కలిపితే వచ్చేది సగటు, మీకు కావాల్సింది మీడియన్. గోడ మీద ఒక్క పిక్సెల్ చూడండి. 7 ఫొటోల్లో దాని వెలుగు 182, 180, 61, 183, 94, 181, 179 అనుకుందాం. 61, 94 వచ్చినప్పుడు ఎవరో అడ్డొచ్చారన్నమాట. సగటు తీస్తే 151 వస్తుంది, ఆ మసక మరకే మీ దెయ్యం. అదే చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి నడిమి అంకె తీసుకుంటే 180, అంటే అచ్చం గోడే.

ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఫొటోలున్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

```
magick *.jpg -evaluate-sequence median out.png
```

ఫొటోలన్నీ ఒకేసారి మెమరీలోకి వెళ్తాయి కాబట్టి పాత ల్యాప్‌టాప్ అయితే ముందు వాటి సైజు తగ్గించుకోండి.

తీసేటప్పుడు ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయాలి, లేకపోతే ఫొటోకీ ఫొటోకీ వెలుగు మారిపోయి లెక్క తప్పుతుంది. బరస్ట్ మోడ్ వద్దు, రెండు సెకన్లలో ఎవరూ ఎక్కడికీ కదలరు. 20, 30 సెకన్లకొకటి చొప్పున 15 ఫొటోలు చాలు. మరీ ఎక్కువసేపు సాగదీస్తే నీడలు జరిగిపోతాయి.

అసలు సంగతి ఇక్కడుంది. ఏ చోటైనా సగానికి పైగా ఫొటోల్లో ఖాళీగా ఉంటేనే ఈ కిటుకు పనిచేస్తుంది. బండి పెట్టుకుని కూర్చున్న గాజుల వ్యాపారి అన్నిటిలోనూ ఉంటాడు కాబట్టి చెక్కుచెదరకుండా మిగులుతాడు. అతను సరే, సాయంత్రం కమాన్ల కింద ఒకరు వెళ్తే ఇంకొకరు వస్తూనే ఉంటారు, ఆ చోటు పదింట ఆరుసార్లు ఎవరో ఒకరితో నిండే ఉంటుంది. అప్పుడు 200 ఫొటోలు తీసినా లాభం లేదు, పైగా సంఖ్య పెరిగేకొద్దీ జనం రంగులే ఖాయమవుతాయి. ఇది ఎలా తెలుస్తుందంటే, నేల దగ్గర రంగురంగుల మచ్చలు, తల లేని చొక్కా ముక్కలు కనిపిస్తాయి, పై మినార్లు మాత్రం శుభ్రంగా ఉంటాయి.

దీనికి మందు ఎత్తు. నేల మీద నిలబడి తీస్తే ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ ఒకే గీతలోకి వచ్చి మొత్తం నేలని కప్పేస్తారు, అదే ఎదురుగా ఏదైనా మొదటి అంతస్తు నుంచి తీస్తే మనిషికీ మనిషికీ మధ్య నేల కనబడుతుంది. ఎత్తు దొరక్కపోతే పొద్దున్నే వెళ్లడమే.