హోటల్ గ్రీజు ట్రాప్ ఎన్ని రోజులకు శుభ్రం చేయాలి?

ప్రశ్న: మా టిఫిన్ సెంటర్‌లో గ్రీజు ట్రాప్ ఎన్నాళ్లకోసారి తీయించాలి? వేడినీళ్లు పోస్తే సరిపోదా?

పైన తేలిన జిడ్డు, అడుగున పేరుకున్న మడ్డి కలిపి నీటి లోతులో నాలుగో వంతుకు చేరేలోపే తీయించాలి, రోజులు లెక్కపెట్టి కాదు. గ్రీజు ట్రాప్ అంటే వంటింటి మురుగునీటిలోని జిడ్డును ఆపే తొట్టె. అందులో నీరు నెమ్మదించినప్పుడు నూనె పైకి తేలుతుంది, మెతుకులు కిందికి దిగుతాయి, అడ్డుపలక కింద నుంచి మధ్యలోని నీరు మాత్రమే బయటికి పోతుంది. ఆ మధ్య జాగా తగ్గేకొద్దీ నీరు వేగంగా పారి జిడ్డును కూడా లాక్కుపోతుంది.

ఉదాహరణకు, లోతు 40 సెంటీమీటర్లు అనుకుందాం. కర్ర దించి చూస్తే పైన జిడ్డు 6, అడుగున మడ్డి 4 ఉంటే మొత్తం 10, అంటే ఇక ఆగకూడదు. పూరీలు, బజ్జీలు ఎక్కువ వేసే వంటింట్లో ఇది వారానికే రావచ్చు. వారంవారం కొలిస్తే మీ గడువు మీకే తెలుస్తుంది.

వేడినీళ్లు, సబ్బు పోస్తే జిడ్డు పోయిందనుకుంటారు. నిజానికి అది కరిగి ట్రాప్ దాటి, చల్లారాక వీధి పైపులో గడ్డకడుతుంది.

కంపు మాత్రం ఎక్కువగా కుళ్లిన అడుగు మడ్డిదే. అందుకే పైపైన తోడితే చాలదు, మొత్తం ఖాళీ చేసి, గోడలు గీకి, మంచినీటితో నింపాకే మూత బిగించాలి. మూత రబ్బరు చిరిగినా వాసన ఆగదు.