ఎనిమిది నిమిషాల ప్రజెంటేషన్‌లో ఎన్ని ‘బహుశా’లు ఉండవచ్చు?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ప్రయాణికులను కలిసి, రైలు దిగాక ఇంటికి ఎలా చేరుతున్నారో సర్వే చేశాం. ప్లేస్‌మెంట్ ఎంపికలో భాగంగా ఆ ప్రాజెక్టును ఎనిమిది నిమిషాల్లో తెలుగులో వివరించాలి. మాక్ ప్రజెంటేషన్‌లో స్క్రిప్ట్ చదివితే, ‘నీ మాట మీద నీకే నమ్మకం లేనట్టుంది’ అన్నారు. స్క్రిప్ట్, సర్వే షీట్ పంపుతున్నాను. ఏం మార్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: స్క్రిప్ట్‌తో పాటు సర్వే షీట్ కూడా పంపి మంచి పని చేశారు. స్క్రిప్ట్‌లో మీరు జంకిన చోట్లలో సగానికి కారణం ఆ షీట్‌లోనే కనిపించింది. ముందుగా మీ మొదటి పేరాను ఉన్నదున్నట్టుగా ఇక్కడ ఇస్తున్నాను.

“అందరికీ నమస్కారం. ఈరోజు నేను మా ప్రాజెక్టు గురించి కొంచెం చెప్పే ప్రయత్నం చేస్తాను. యాక్చువల్‌గా ఏంటంటే, మెట్రో ప్రయాణికులు ఇంటికి చేరుకోవడంలో కొన్ని ఇబ్బందులు పడుతున్నట్టు అనిపించి, దాని మీద ఒక చిన్న సర్వే చేయడం జరిగింది. బేసిక్‌గా సుమారు 120 మందితో మాట్లాడటం జరిగింది. అందులో దాదాపుగా 70 మంది దాకా షేర్ ఆటోల మీదే ఒకరకంగా ఆధారపడుతున్నారని చెప్పవచ్చు. కాబట్టి బహుశా షేర్ ఆటో స్టాండ్ దగ్గరగా ఉంటే ప్రయాణికులకు ఉపయోగపడవచ్చేమో అని మా అభిప్రాయం.”

ఇందులో ‘కొంచెం’, ‘ప్రయత్నం చేస్తాను’, ‘యాక్చువల్‌గా ఏంటంటే’, ‘బేసిక్‌గా’, ‘ఒకరకంగా’ అన్నవాటి గురించి ఎక్కువగా ఆలోచించనక్కర లేదు. పెన్నుతో కొట్టివేసి, వాక్యాన్ని పైకి చదవండి. అర్థం మారకపోతే ఆ మాట అక్కడ అవసరం లేదని లెక్క. ‘చెప్పే ప్రయత్నం చేస్తాను’ అనడం మన దగ్గర వినయంగా చెలామణి అవుతుంది గానీ, ఎంపిక గదిలో కూర్చున్నవారికి ‘చెప్పగలనో లేదో’ అన్నట్టుగా వినిపిస్తుంది. ‘ఒక చిన్న సర్వే’లోని ‘చిన్న’ కూడా అలాంటిదే, ఎందుకంటే వందకు పైగా మనుషులను స్టేషన్‌లో నిలబెట్టి మాట్లాడించడం ఎంత పనో వాళ్లకూ తెలుసు.

‘చేయడం జరిగింది’ సంగతి వేరు. కార్యాలయాల నోట్ ఫైళ్లలోనూ సభల్లో చదివే నివేదికల్లోనూ ఈ ప్రయోగం బాగా పాతుకుపోయింది. పని ఎవరు చేశారో చెప్పకుండా దాటవేయడానికి అది అక్కడ పనికివస్తుందేమో గానీ, మీకు ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని చూస్తున్నవారు తెలుసుకోవాలనుకునేదే ఆ ‘ఎవరు’ అన్నది. సర్వే మీ బృందం చేసి ఉంటే ‘మేం చేశాం’ అనండి, ప్రశ్నావళి మీరొక్కరే తయారుచేసి ఉంటే ‘ప్రశ్నావళి నేను తయారుచేశాను’ అనండి. మీ స్క్రిప్ట్ మొత్తంలో ఈ ‘జరిగింది’ చాలాసార్లు వచ్చింది. వర్డ్‌లో Ctrl+F నొక్కి ‘జరిగింది’ అని వెతికితే అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. అదే పద్ధతిలో ‘చ్చు’ అని ఒకసారి, ‘చ్చే’ అని ఒకసారి వెతకండి. ‘చెప్పవచ్చు’, ‘ఉండొచ్చు’, ‘ఉపయోగపడవచ్చేమో’ వంటివి దొరుకుతాయి. తెలుగులో సందేహం తరచుగా విడి మాటగా కాకుండా క్రియ చివర అతుక్కుని ఉంటుంది కాబట్టి, ‘బహుశా’లు తీసేసినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ‘ఉపయోగపడవచ్చేమో అని మా అభిప్రాయం’ అన్న ఒక్క చోటే ‘వచ్చు’, ‘ఏమో’, ‘అభిప్రాయం’ అని మూడు జంకులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ‘సుమారు’, ‘దాదాపుగా’, ‘బహుశా’ అన్నవాటిని పై మాటల్లాగా గుడ్డిగా కొట్టివేయకూడదు. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఇది ఎందుకు వచ్చిందని అడగాలి. మీ షీట్‌లో 118 వరుసలున్నాయి. షేర్ ఆటో అని జవాబు చెప్పినవారు 71 మంది. కచ్చితమైన లెక్క చేతిలో ఉండగా ‘సుమారు 120’, ‘దాదాపుగా 70 మంది దాకా’ అనడంలో లాభం ఏమీ లేదు. పైగా వినేవారికి మీరు షీట్ తెరిచి చూడలేదన్న అనుమానం వస్తుంది. ఇక్కడ ఉజ్జాయింపు మాట తీసేసి అంకె పెట్టండి. నిజంగానే ఉజ్జాయింపుగా తెలిసినవాటికి, ఉదాహరణకు ఆటో కోసం నిలబడ్డ సమయానికి, ‘సుమారు’ ఉంచవచ్చు, ఎందుకంటే గడియారం పెట్టి కొలవని దాన్ని కొలిచినట్టుగా చెప్పడం అబద్ధమే అవుతుంది.

‘బహుశా షేర్ ఆటో స్టాండ్ దగ్గరగా ఉంటే’ అన్న వాక్యంలోని ‘బహుశా’ మాత్రం ఊరికే రాలేదు. అమీర్‌పేట మియాపూర్–ఎల్‌బీ నగర్, నాగోల్–రాయదుర్గం మార్గాలు కలిసే స్టేషన్. అక్కడ సాయంత్రం మీకు ఎదురైనవారిలో చాలామంది బయటికి వెళ్లేవారు కాదు, ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కేవారు. మీ షీట్‌లోనే ‘దిగే స్టేషన్’ అన్న గడి ఉంది. అందులో 46 మంది వేరే స్టేషన్ పేరు చెప్పారు. వాళ్లు షేర్ ఆటో ఎక్కేది దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉప్పల్‌లోనో తప్ప అమీర్‌పేటలో కాదు. అమీర్‌పేటలో స్టాండ్ ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు వాళ్ల జవాబు పనికిరాదు. అంటే 71 అన్న అంకె నుంచి మీ ప్రతిపాదనకు నేరుగా దారి లేదు. ఆ సంగతి మీకు ఎక్కడో తట్టింది గనుకనే వాక్యంలోకి ‘బహుశా’ వచ్చి చేరిందని నా అనుమానం. ఇలాంటి చోట ‘బహుశా’ను తీసేసి గొంతు పెంచితే, మెట్రో ఎక్కే అలవాటున్న ఏ ఒక్క శ్రోత అయినా రెండో నిమిషంలోనే మిమ్మల్ని పట్టుకుంటాడు.

షీట్‌లో ఆ 46 మందిని పక్కన పెట్టి చూశాను. అమీర్‌పేటలోనే దిగి బయటికి వెళ్లేవారు 72 మంది. వారిలో 49 మంది షేర్ ఆటో ఎక్కుతున్నారు, అంటే ముగ్గురిలో ఇద్దరి కంటే కాస్త ఎక్కువే. ఈ 49 మందిలో 31 మంది ఆటో దొరికే చోటికి ఐదు నిమిషాలకు పైగా నడవాల్సి వస్తోందని చెప్పారు. మీ ప్రతిపాదనకు అసలైన ఆధారం ఈ 31 మంది మాటే గానీ, వాళ్ల ప్రస్తావన మీ స్క్రిప్ట్‌లో ఎక్కడా లేదు. ఇప్పుడు అదే పేరా ఇలా తయారవుతుంది.

“నమస్కారం. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో సాయంత్రం పూట మేం 118 మంది ప్రయాణికులతో మాట్లాడాం. వారిలో 72 మంది అక్కడే దిగి ఇంటికి వెళ్లేవారు. ఈ 72 మందిలో 49 మంది షేర్ ఆటో ఎక్కుతున్నారు. ఆటో కోసం ఐదు నిమిషాలకు పైగా నడవాల్సి వస్తోందని 31 మంది చెప్పారు. అందుకే షేర్ ఆటో స్టాండును స్టేషన్ మెట్ల దగ్గరికి తీసుకురావాలని మేం ప్రతిపాదిస్తున్నాం. ఉదయం ప్రయాణికులతో మేం మాట్లాడలేదు. ఈ ప్రతిపాదన సాయంత్రం రద్దీకి మాత్రమే వర్తిస్తుంది.”

చివరి రెండు వాక్యాలను గమనించండి. మొదటి రూపంలో పేరా అంతటా పలచగా చల్లి ఉన్న సందేహం ఇక్కడ ఒక్క చోటికి చేరి, స్పష్టమైన హద్దుగా మారింది. ‘31 మంది చెప్పారు’లోని ‘చెప్పారు’ కూడా జంకు కాదు. ఆ నడకను మీరు కొలవలేదు, వాళ్ల నోట విన్నారు. ఆ తేడాను ఉంచాల్సిందే. దాన్ని కూడా ఊపులో కొట్టివేసి ‘31 మంది ఐదు నిమిషాలకు పైగా నడుస్తున్నారు’ అంటే, ఎలా కొలిచారన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. అలాగే ‘హైదరాబాద్ మెట్రో ప్రయాణికుల్లో మూడింట రెండు వంతుల మంది’ అన్న వాక్యం ఎంత ధీమాగా వినిపించినా రాయకండి. మీరు నిలబడింది ఒక్క స్టేషన్‌లో, ఒక్క పూట.

స్క్రిప్ట్ శుభ్రపడ్డాక కూడా నోట్లోంచి ‘అంటే’, ‘సో’, ‘ఆ…’ వస్తూనే ఉంటాయి, ఎందుకంటే అవి కాగితం మీద ఉన్నవి కావు, తర్వాతి వాక్యం ఇంకా అందని క్షణంలో పుట్టేవి. ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే, అవి ఎక్కువగా స్లయిడ్ మారే చోట వస్తాయని మీరే గుర్తిస్తారు. మీరు స్లయిడ్ మార్చి, తెర వైపు చూసి, అందులో ఏముందో చదువుకుని, ఆ తర్వాత మాట మొదలుపెడతారు. ఆ ఖాళీని ‘సో’ నింపుతుంది. దీనికి ఉపాయం వరస మార్చడమే. కొత్త స్లయిడ్ తాలూకు మొదటి వాక్యాన్ని పాత స్లయిడ్ మీదే పూర్తిచేసి, ఆ తర్వాత బటన్ నొక్కండి. ఆ వాక్యంలోని మొదటి రెండు మూడు మాటలను పాత స్లయిడ్ కాగితం అడుగున పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. మిగిలిన చోట్ల ‘అంటే’ వచ్చే ముందు నోరు మూసుకుని ఒక్క శ్వాస తీసుకోవడం తప్ప వేరే మందు లేదు. ఆ మౌనం మీకు యుగంలా అనిపిస్తుంది గానీ, రికార్డింగ్‌లో వింటే ఎంత కురచగా ఉందో తెలుస్తుంది.

ఈ కోతల తర్వాత మీ ఎనిమిది నిమిషాల స్క్రిప్ట్ కాస్త కుదించుకుపోతుంది. నిమిషానికి ఇన్ని మాటలు అని ఇంగ్లిష్ పుస్తకాల్లో ఉండే లెక్క తెలుగుకు సరిపోదు, మన మాటలు విభక్తులు, ప్రత్యయాలు కలుపుకుని పొడవుగా ఉంటాయి. అందువల్ల గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోండి. మిగిలిన సమయంలో కొత్త స్లయిడ్ ఇరికించవద్దు, అంకెల దగ్గర నెమ్మదించడానికి వాడుకోండి. ‘49’ అన్నాక ఒక క్షణం ఆగితే వినేవారు దాన్ని మనసులో పెట్టుకుంటారు.

మర్యాద మాటల జోలికి మాత్రం పోకండి. ‘నమస్కారం’, ‘అండి’, చివర ‘ధన్యవాదాలు’ ఉండాలి. ‘తప్పులుంటే క్షమించండి’ అని మొదట్లోనే అనడం ఒక్కటి మానేయండి, అది వినగానే ఎదుటివారు తప్పులు వెతకడానికి సిద్ధపడతారు. ప్రశ్నల సమయంలో ఎవరైనా ఉదయం పరిస్థితి ఏమిటని అడిగితే, ‘అంటే, నాకు తెలిసినంతవరకు, దాదాపు అలాగే ఉండవచ్చు’ అని సాగదీయకుండా, ‘ఉదయం మేం సర్వే చేయలేదండి, అందువల్ల చెప్పలేను, ఇదే ప్రశ్నావళితో ఉదయం పూట కూడా చేయవచ్చు’ అనండి. ఆ చివరి ‘చేయవచ్చు’ను Ctrl+F చూపించినా తీసేయనక్కర లేదు, అది సందేహం కాదు, వీలు.